బడి డాబా మీది వాన: తొట్టి ఎంత పెద్దదైతే లాభం?

బడి డాబా మీద పడే వాన నీటిని పట్టి నిల్వ చేయాలనుకున్నప్పుడు సాధారణంగా జరిగే లెక్క ఒకటుంది. డాబా వైశాల్యాన్ని ఏడాది వర్షపాతంతో గుణిస్తారు, వచ్చిన అంకె లక్ష లీటర్లు దాటుతుంది, అంత నీరు పోనివ్వకూడదని వీలైనంత పెద్ద సంపుకు అంచనా వేస్తారు. ఈ లెక్కలో గుణకారం తప్పేమీ లేదు. కానీ తొట్టి పరిమాణాన్ని తేల్చేది ఏడాది మొత్తం వాన కాదు. వాన ఏ నెలల్లో పడుతుంది, బడి ఏ నెలల్లో నడుస్తుంది, వాన తక్కువైన ఏడాది ఆ తొట్టిలో ఎంత భాగం నిండుతుంది అన్న మూడు విషయాలే దాన్ని తేలుస్తాయి. నల్లగొండ జిల్లాలో మునుగోడు, మర్రిగూడ వైపు ఉండే ఒక మామూలు ప్రాథమికోన్నత పాఠశాలను నమూనాగా తీసుకుని, నాలుగు రకాల ఏర్పాట్లను ఈ మూడు విషయాల దగ్గర పోల్చి చూడవచ్చు.

ఈ ప్రాంతంలో వాన నీటికి అదనపు విలువ ఎందుకో ఇక్కడి పాఠకులకు వివరించనక్కర లేదు. గ్రానైట్ రాతి పొరల్లోంచి వచ్చే బోరు నీటిలో ఫ్లోరైడ్ చాలా ఊళ్లలో హద్దు దాటి ఉంటుంది. భారత ప్రమాణాల ప్రకారం తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఉండవచ్చు, వేరే దారి లేని చోట 1.5 వరకు ఒప్పుకుంటారు. డాబా మీద పడిన వానలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. అందువల్ల ఇక్కడి లెక్క తోటకో మరుగుదొడ్డికో కాక, తాగడానికీ మధ్యాహ్న భోజనం వండడానికీ వాడే నీటి లెక్క. మిషన్ భగీరథ నల్లా ఉన్న బడిలోనూ ఈ నీరు రెండో ఆధారంగా పనికొస్తుంది.

నమూనా బడిలో 120 మంది పిల్లలు. తాగడానికి ఒక్కొక్కరికి 2 లీటర్లు, వంటకు 1 లీటరు చొప్పున రోజుకు 360 లీటర్లు కావాలి. బడి జూన్ రెండో వారంలో తెరిచి ఏప్రిల్ మూడో వారం దాటాక మూస్తారు కాబట్టి, దసరా, సంక్రాంతి సెలవులు తీసేస్తే 231 పని దినాలు వస్తాయనుకుంటే ఏడాది అవసరం 83,160 లీటర్లు. డాబా 25 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు, అంటే 200 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. కాంక్రీటు డాబా కొంత పీల్చుకుంటుంది, కొంత ఆవిరవుతుంది, కాబట్టి నూటికి 80 వంతులే చేతికి వస్తాయని లెక్కిస్తారు. తొలి చినుకుల మురికి నీటిని వదిలేయడానికి అందులో ఇంకో పదో వంతు తీసేస్తే, ఈ డాబా మీద పడిన ప్రతి మిల్లీమీటరుకూ తొట్టిలో చేరేది 144 లీటర్లు.

దక్షిణ తెలంగాణలో ఏడాది వాన 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది, మహబూబ్‌నగర్ వైపు కొన్ని మండలాల్లో ఇంకొంచెం తక్కువ. నమూనా కోసం జూన్‌లో 90, జూలైలో 150, ఆగస్టులో 160, సెప్టెంబరులో 130, అక్టోబరులో 100, నవంబరులో 25 మిల్లీమీటర్లు వేసుకుందాం. డిసెంబరు నుంచి మార్చి దాకా పడే చిరుజల్లులు డాబాను తడపడానికే సరిపోతాయి కనుక వాటిని లెక్కలోకి తీసుకోలేదు. ఏప్రిల్, మే గాలివానలు వచ్చేసరికి బడి మూసే వేళవుతుంది. అసలు పని చేసేవారు ఈ అంకెల స్థానంలో తమ మండల వర్షమాపకం లెక్కలు కనీసం పదేళ్లవి తీసుకుని వేసుకోవాలి. నమూనా ప్రకారం జూన్ నుంచి నవంబరు దాకా 655 మిల్లీమీటర్లు, అంటే 94,320 లీటర్లు. అవసరం కంటే రాబడి ఎక్కువే కనిపిస్తోంది. పెద్ద సంపు ఆశ ఇక్కడే పుడుతుంది.

నెలవారీగా చూస్తే కథ మారుతుంది. జూన్ నుంచి అక్టోబరు దాకా బడికి కావలసింది 36,000 లీటర్లు, ఆ నెలల్లో ప్రతి నెలా రాబడి ఖర్చుకు మించే ఉంటుంది. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా కావలసింది 47,160 లీటర్లు, వచ్చేది నవంబరు వాన 3,600 లీటర్లు మాత్రమే. ఏడాది పొడవునా వాన నీటితోనే గడవాలంటే అక్టోబరు ఆఖరుకు తొట్టిలో 43,560 లీటర్లు నిలిచి ఉండాలి. అంటే 44,000 లీటర్ల సంపు. మంచి ఏడాదిలో అది సెప్టెంబరు ఆఖరుకే నిండిపోతుంది కూడా.

ఇప్పుడు అదే లెక్కలో సంపు బదులు 10,000 లీటర్ల తొట్టి పెట్టి చూద్దాం. జూలైలో నిండుతుంది, అక్టోబరు ఆఖరుదాకా వాడిందానికి వాడినట్టు మళ్లీ నిండుతూ ఉంటుంది, నవంబరు గడిచాక 4,960 లీటర్లు మిగులుతాయి, డిసెంబరు మధ్యలో అడుగంటుతుంది. ఆ ఏడాది దాని నుంచి బడి వాడుకున్న నీరు 49,600 లీటర్లు. సంపు సామర్థ్యంలో నాలుగో వంతు కూడా లేని తొట్టి, సంపు ఇచ్చే నీటిలో ఇంచుమించు అరవై శాతం ఇస్తోంది. కారణం సులువు. మొదటి 10,000 లీటర్ల చోటు వానకాలంలో అనేకసార్లు నిండి ఖాళీ అవుతుంది. ఆపైన కట్టే ప్రతి లీటరు చోటూ ఏడాదికి ఒక్కసారే నిండి, చలికాలంలో ఒక్కసారే ఖాళీ అవుతుంది.

ఈ తర్కాన్నే ఇంకా లాగితే 5,000 లీటర్ల తొట్టి కూడా చాలేటట్టు కనిపిస్తుంది, ఎందుకంటే నెలవారీ లెక్కలో అది నవంబరు ఆఖరుదాకా వస్తుంది. ఇక్కడ నెలవారీ లెక్క మోసం చేస్తుంది. ఒకే రాత్రి 60 మిల్లీమీటర్ల వాన పడితే 8,640 లీటర్లు వస్తాయి. చిన్న తొట్టి అందులో చాలా భాగాన్ని పొర్లించేస్తుంది. ఆ తర్వాత మూడు వారాలు వాన మొహం చాటేస్తే (జూలైలో అది ఇక్కడ కొత్త కాదు) 5,000 లీటర్లు 14 పని దినాలకు కూడా చాలవు. 10,000 లీటర్లయితే 27 పని దినాలు వస్తాయి, అంటే ఇంచుమించు నెల రోజుల ఎండను తట్టుకుంటుంది. చిన్న తొట్టి విషయంలో రోజువారీ వాన లెక్క లేకుండా నిర్ణయం తీసుకోకూడదు. పెద్దదాని విషయంలో నెలవారీ లెక్క చాలు.

ఇక ఖర్చు. ఇక్కడ వేసినవి అంచనా ధరలు, ఊరిని బట్టి, ఇసుక దూరాన్ని బట్టి మారతాయి. డాబా నుంచి నీటిని దించే గొట్టాలు, తొలివాన మళ్లింపు, జాలీలకు అన్ని ఏర్పాట్లలోనూ 20,000 రూపాయలు పడుతుందనుకుందాం. రెండు 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకులు లీటరుకు 7 రూపాయల చొప్పున 70,000, వాటి కింద గట్టి దిమ్మెకు 10,000, మొత్తం లక్ష రూపాయలు. ఒక్కరోజులో బిగించవచ్చు, ఆ సౌకర్యం కాదనలేనిది. ఎండకు మాత్రం నీరు వేడెక్కుతుంది.

అదే 10,000 లీటర్లకు ఫెర్రోసిమెంట్ తొట్టి, అంటే ఇనుప జాలి మీద పలుచగా సిమెంటు మెత్తిన గుండ్రటి తొట్టి, లోపలి అడ్డకొలత 2.5 మీటర్లు, ఎత్తు 2.2 మీటర్లు. నల్లాను అడుగు నుంచి 10 సెంటీమీటర్ల పైన పెట్టాలి, కింద మడ్డి నిలుస్తుంది. పైన పొర్లుగొట్టం దగ్గర 5 సెంటీమీటర్లు పోతాయి. రెండూ తీసేస్తే వాడుకకు ఇంచుమించు 10,000 లీటర్లు మిగులుతాయి. గోడ మందం 35 మిల్లీమీటర్లే కాబట్టి గోడకూ పైకప్పుకూ కలిపి ఒక ఘనమీటరు కంటే తక్కువ మాలు చాలు, అడుగు కాంక్రీటుతో కలుపుకుని 15 బస్తాల సిమెంటు పడుతుంది. సిమెంటుకు 5,250, కోళ్ల జాలికి 3,000, వెల్డ్ మెష్‌కు 5,760, ఇసుక, కంకరకు 5,000, మేస్త్రీకీ కూలీలకూ 18,400, నల్లా, మూత వగైరాకు 3,000. కలిపితే 40,000 పై చిలుకు. లీటరుకు 4 రూపాయలన్నమాట.

44,000 లీటర్ల భూగర్భ సంపుకు లెక్క వేరు. అడుగు, గోడలు, పైస్లాబు కలిసి 18 ఘనమీటర్ల కాంక్రీటు, సుమారు 1,800 కిలోల ఇనుము, 86 ఘనమీటర్ల తవ్వకం, లోపల నీరు కారకుండా పూత, పైకి తోడడానికి పంపు. ఇదంతా 3,60,000 రూపాయలకు తగ్గదు. అది కూడా మొరం నేలలో. మీటరు లోతులో పరుపుబండ తగిలితే, ఈ జిల్లాల్లో అది తరచుగా తగిలేదే, తవ్వకం ఖర్చు ఎంతకు పోతుందో గుత్తేదారు కూడా ముందుగా చెప్పలేడు. బడి ఆవరణలో పాత సంపు ఏదైనా బీటలు వారి వదిలేసి ఉంటే మాత్రం అది వేరే సంగతి. దాన్ని బాగు చేయించడం అన్నిటికంటే చవక.

వీటిని ఒకే కొలతకు తెద్దాం. తొట్టెలకు పదిహేనేళ్లు, సంపుకు ముప్పై ఏళ్లు ఆయుష్షు వేసుకుని, ఏడాదికి నిర్వహణ ఖర్చుగా ఒక్క ఫెర్రోసిమెంట్ తొట్టికీ, ప్లాస్టిక్ ఏర్పాటుకూ 2,000 చొప్పున, సంపుకు 4,000 రూపాయలు కలిపితే, మంచి ఏడాదిలో వెయ్యి లీటర్ల నీటికి ఫెర్రోసిమెంట్ తొట్టితో 121 రూపాయలు, ప్లాస్టిక్ ట్యాంకులతో 175, సంపుతో 200 పడుతుంది. పోలికకు, 20 లీటర్ల క్యాన్ పది రూపాయలకు దొరికినా వెయ్యి లీటర్లకు 500 రూపాయలు. ఈ వరస చూస్తే సంపు కూడా ఫరవాలేదనిపిస్తుంది. అయితే సగటు ధర ఇక్కడ దారి తప్పిస్తుంది. అడగవలసింది చివర కలిపిన చోటు ఎంతకు పడిందన్నది.

ఆ ప్రశ్న వేయడానికి వాన తక్కువైన ఏడాదిని తీసుకోవాలి. ప్రతి నెలా మామూలు వానలో 70 శాతమే పడిందనుకుందాం. 10,000 లీటర్ల తొట్టి జూలైకి బదులు ఆగస్టులో నిండుతుంది, కానీ నిండుతుంది. అది ఆ ఏడాది ఇచ్చే నీరు 48,520 లీటర్లు, మంచి ఏడాదితో తేడా 1,080 లీటర్లే. సంపు సంగతి అలా కాదు. అక్టోబరు ఆఖరుకు దానిలో చేరేది 27,504 లీటర్లు; మూడో వంతుకు పైగా చోటు ఎండిపోయి ఉంటుంది. ఏప్రిల్ దాకా రావలసిన నీరు ఫిబ్రవరి మూడో వారానికే అయిపోతుంది. ఏడాది మొత్తానికి అది ఇచ్చేది 66,024 లీటర్లు. ఒక్క తొట్టి కంటే అదనంగా ఇచ్చిన 17,504 లీటర్ల కోసం ఏడాదికి 10,667 రూపాయలు ఎక్కువ ఖర్చయింది, అంటే ఆ అదనపు నీరు వెయ్యి లీటర్లు 609 రూపాయలు పడింది. క్యాన్ నీళ్లు దానికంటే చవక.

మధ్యస్థంగా రెండో ఫెర్రోసిమెంట్ తొట్టి పెడితే ఏమవుతుందన్నది ఈ పోలికలో అన్నిటికంటే ఉపయోగపడే ప్రశ్న. రెండు తొట్టెలు కలిసి 20,000 లీటర్లు. మంచి ఏడాదిలో జనవరి ఆఖరి వారం దాకా నీరు వస్తుంది. తక్కువ వాన ఏడాదిలోనూ సెప్టెంబరుకల్లా రెండూ నిండుతాయి, కాబట్టి నీరు మూడు పని దినాల ముందు అయిపోతుంది, అంతే. రెండో తొట్టి ఏ ఏడాదైనా 10,000 లీటర్లు అదనంగా ఇస్తుంది. నిర్వహణ వెయ్యి కలుపుకుని దాని ఏడాది ఖర్చు 3,667 రూపాయలు, వెయ్యి లీటర్లకు 367. మూడో తొట్టి కడితే వాన తక్కువైన ఏడాది దానిలో చేరేది 7,504 లీటర్లే, ధర 489 రూపాయలకు చేరుతుంది. అక్కడితో క్యాన్ ధరా, కట్టిన ధరా సమానం. కాబట్టి ఈ డాబాకూ, ఈ పిల్లల సంఖ్యకూ రెండు తొట్టెల దగ్గర ఆగడమే సబబు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా నల్లా నీటి మీద ఆధారపడక తప్పదు. పిల్లలు 60 మందే అయితే అవే రెండు తొట్టెలు వేసవి దగ్గరకు వస్తాయి, కాబట్టి ఈ రెండు అన్న అంకెను వేరే బడికి ఎత్తిపోయకూడదు.

నాలుగో ఏర్పాటు ఇంకుడు గుంత. పెద్దరాళ్లు, కంకర, ఇసుక పొరలతో రెండేసి మీటర్ల పొడవు, వెడల్పు, లోతున్న గుంతకు 30,000 రూపాయలకు మించి పట్టదు, అందుకే చాలా బడుల్లో కనిపించేది ఇదే. అయితే దీన్ని నిల్వగా లెక్కించడం పొరపాటు. రెండు తొట్టెలు నిండాక మంచి ఏడాదిలో పొర్లిపోయే నీరు 34,720 లీటర్లు. మెత్తబడిన రాతి పొరలో నీరు నిలిచే చోటు నూటికి రెండు వంతులనుకుంటే, ఆ నీరంతా ఇంకినా ఎకరం నేల కింద నీటిమట్టం 43 సెంటీమీటర్లు పెరుగుతుంది. పక్క పొలంలో సెకనుకు రెండు లీటర్లు పోసే బోరు దాన్ని ఐదు గంటల్లో తోడేస్తుంది. పైగా ఇంకిన నీరు మళ్లీ అదే రాతిలో నానుతుంది కనుక, బోరులోంచి తిరిగి వచ్చేటప్పుడు ఫ్లోరైడ్‌ను వెంటబెట్టుకునే వస్తుంది. పొర్లు నీటిని గుంతలోకి పంపడం మంచిదే. తాగునీటికి దాన్ని బదులుగా చూపించడం మాత్రం సరికాదు.

కాగితం మీద ఏ ఏర్పాటు గెలిచినా, నేల మీద దాన్ని ఓడించేది ఎక్కువగా తొలివాన మళ్లింపే. డాబా మీద దుమ్ము, పావురాల రెట్టలు, వేపాకులు మొదటి మిల్లీమీటరు వానతో కిందికి వస్తాయి. 200 చదరపు మీటర్ల డాబాకు ఆ మొదటి మిల్లీమీటరే 160 లీటర్లు. మామూలుగా బిగించేది 110 మిల్లీమీటర్ల గొట్టం, మీటరుకు 8 లీటర్ల పైచిలుకు పడుతుంది. రెండు మీటర్ల ముక్క ఒకటి పెట్టి తొలివాన మళ్లింపు ఉందనుకుంటారు. అందులో పట్టేది కావలసినదాంట్లో పదో వంతు. డాబాకు నాలుగు మూలలా నాలుగు దిగుడు గొట్టాలుంటే, ప్రతిదాని దగ్గరా 160 మిల్లీమీటర్ల గొట్టం రెండు మీటర్ల పొడవున నిలబెట్టాలి. ఒక్కొక్కటి 38 లీటర్ల దాకా పట్టి, నాలుగూ కలిసి 150 లీటర్ల పైన ఆపుతాయి. అడుగున బిగించిన మూతకు 3 మిల్లీమీటర్ల రంధ్రం ఉండాలి, వాన ఆగాక అది తనంత తానే బొట్లుబొట్లుగా ఖాళీ కావాలి. మూతను ఎవరైనా వచ్చి తిప్పుతారనే నమ్మకం మీద పెట్టిన ఏర్పాటు జూన్‌లో ఒకసారి పని చేసి, మిగతా కాలమంతా నిండుగా నిలబడి ఉంటుంది. వాన వెలిసిన మర్నాడు గొట్టాన్ని వేలితో తట్టి చూస్తే తెలిసిపోతుంది: బోలుగా మోగితే ఖాళీ అయినట్టు, మొద్దుగా పలికితే రంధ్రం పూడినట్టు.

డాబా పైన కూడా ఒకసారి చూడాలి. పిట్టగోడ అడుగున నల్లటి చార ఒకే ఎత్తులో సాగి ఉంటే అక్కడ నీరు నిలుస్తోందనీ, తూము ఆకులతో మూసుకుపోయిందనీ అర్థం. అలాంటి డాబా నుంచి 80 శాతం రాదు. తారు పూసిన డాబా నీటిని తాగడానికి వాడకూడదు.

ఫెర్రోసిమెంట్ తొట్టి చవకగా రావడానికి కారణమైన పలుచటి గోడే దాని బలహీనత కూడా. ఏప్రిల్, మే ఎండల్లో కట్టి, నాలుగు రోజులు నీళ్లు చల్లి వదిలేస్తే సన్నటి పగుళ్లు వస్తాయి. గోడ చుట్టూ గోనెసంచులు కప్పి రెండు వారాలు తడి ఆరకుండా చూడాలి. కారుతున్న చోట గోడ బయటి వైపు తెల్లటి సున్నపు చారికలు దిగుతాయి. వేసవి సెలవుల్లో తొట్టిని పూర్తిగా ఎండబెట్టకుండా అడుగున కొంత నీరు ఉంచాలి. నల్లాకు కింద నిలిచే 490 లీటర్లు ఆ పని చేస్తాయి, మూత బిగుతుగా ఉంటే.

నీటి శుద్ధికి 10,000 లీటర్ల నిండు తొట్టికి 60 గ్రాముల తాజా బ్లీచింగ్ పౌడర్ చాలు, లీటరుకు 2 మిల్లీగ్రాముల క్లోరిన్ వస్తుంది. డబ్బా తెరిచి నెలలు గడిచిన పౌడర్‌లో బలం తగ్గుతుంది కనుక 80 గ్రాములు వేయాలి. బకెట్‌లో కలిపి, సున్నపు మడ్డి పేరుకున్నాక పై తేట మాత్రమే పోసి, అరగంట ఆగి చూస్తే నల్లా దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి.

ఈ లెక్కలన్నీ నిజమో కాదో తేల్చడానికి ఖరీదైన మీటరు అక్కర లేదు, సెంటీమీటర్ల గుర్తులు గీసిన ఒక పొడవాటి కర్ర చాలు. 2.5 మీటర్ల అడ్డకొలత తొట్టిలో ఒక సెంటీమీటరు అంటే 49 లీటర్లు. ఒకే తొట్టి నుంచి వాడుతుంటే రోజుకు మట్టం 7 సెంటీమీటర్ల పైన కొంచెం తగ్గాలి. శనివారం సాయంత్రం ఒక గుర్తు, సోమవారం పొద్దున ఒక గుర్తు రాస్తే, మధ్యలో వాన లేకపోయినా, నల్లా ఎవరూ తిప్పకపోయినా మట్టం దిగి ఉంటే అది గోడ నుంచో నల్లా నుంచో కారినట్టే. వాన పడిన రాత్రి మట్టం ఎంత పెరిగిందో మండల వర్షమాపకం అంకెతో సరిచూస్తే ఈ డాబాకు మిల్లీమీటరుకు నిజంగా 144 లీటర్లు వస్తున్నాయా, ఇంకా తక్కువా అన్నది రెండు మూడు వానల్లోనే తేలిపోతుంది. తక్కువైతే రెండో తొట్టికి డబ్బు పెట్టకముందే తూములూ గొట్టాలూ చూడాలి.